మెడమీది నలుపు మురికి కాదు

ఈ ఫోటో ఒకసారి చూడండి. పెళ్ళి సంబంధాల కోసం తీయించింది. అమ్మాయికి 19 ఏళ్ళు. ఆమె అనుమతితోనే, ముఖం కత్తిరించి తెచ్చాను. మెడ చుట్టూ నల్లటి పట్టీ కనిపిస్తోంది కదా! స్టూడియోవాళ్ళు దాన్ని చెరిపేసి ఇచ్చిన ప్రతి ఇంకొకటి ఉంది. మగపెళ్ళివారికి వెళ్ళింది అదే.

అది మురికనుకుని తల్లి రెండేళ్ళపాటు సున్నిపిండితో, పీచుతో, చివరికి గరుకు రాయితో రుద్దింది. చర్మం చిట్లింది గాని నలుపు పోలేదు. పోదు కూడా. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. కణాలు దాని మాట సరిగా వినకపోతే శరీరం మరింత ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ మిగులు ఇన్సులిన్ చర్మకణాలను పెరగమని తొందరపెడుతుంది. మెడమీద, చంకల్లో చర్మం మందమై సన్నని ముడతలు పడి నల్లగా కనిపిస్తుంది. దీన్నే డాక్టర్లు ఎకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. ఆ నలుపు ముఖ్యంగా మందం వల్ల వచ్చేది. తెల్లబరిచే క్రీములు అక్కడ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఈ అమ్మాయికి పరగడుపున సుగర్ 92 ఉంది. 'జబ్బేమీ లేదు, క్రీము రాసుకో' అని ఒక డాక్టరు పంపించేశాడు. నెలసరి ఎన్నాళ్ళకొకసారి వస్తోందని ఆయన అడగలేదు. మూడు నెలలకొకసారి వస్తోంది. గడ్డం మీద వెంట్రుకలు, తల్లికి మధుమేహం. మరోచోట 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 164 వచ్చింది. 140 లోపు ఉండాలి, 200 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. అంటే ఇన్సులిన్ ఎక్కువై నెట్టుకొస్తున్నన్నాళ్ళూ పరగడుపు సుగర్ మామూలుగానే ఉండవచ్చు.

అయితే ఫోటో చూసి తీర్పు చెప్పకండి. నీడ పడినా, గిల్టు గొలుసు ఒరిసినా మెడ నల్లగా కనిపిస్తుంది. ఫోన్లలోని అందం ఫిల్టర్లు ఉన్న గుర్తును కూడా చెరిపేస్తాయి. చేత్తో తాకి చూడాలి. ముఖమల్ గుడ్డలా ఉంటుంది, అంచు ఎక్కడో తెలియదు, చంకల్లోనూ వెతకాలి. స్పిరిట్ దూదితో తుడిస్తే ఊడివచ్చేది ఇది కాదు. సన్నగా ఉన్నవాళ్ళకూ రావచ్చు. నడివయసు దాటాక హఠాత్తుగా వచ్చి, అరచేతులకు, పెదవులకు పాకి, బరువు కూడా తగ్గుతుంటే కడుపులో కాన్సర్ ఉందేమో వెంటనే చూపించాలి.

డాక్టరు ఆమెకు రోజూ నడవమని చెప్పింది. సంబంధాలు చూస్తున్న పిల్ల రోడ్డు మీద నడుస్తుందా అని తండ్రి అభ్యంతరం! వారం రోజులు ఇంట్లో దీని మీదే గొడవ. చివరికి తల్లి తనకూ సుగర్ ఉంది కాబట్టి తోడు వస్తానంది. ఇద్దరూ తెల్లవారుజామున వెళ్తున్నారు. ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గింది, నెలసరి కాస్త దారికొచ్చింది. మెడ కొంచెం మెత్తబడింది, నలుపు ఇంకా ఉంది. వచ్చే నెల మళ్ళీ గ్లూకోజు పరీక్ష.