రాత్రి పది గంటల తరువాతి హాజరు

(వసతిగృహ వార్డెన్ల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా రిజిస్టర్లు రాసి పదవీ విరమణ చేసిన వాళ్ళము. ఉపన్యాసాలు మాకు అలవాటు లేదు. ఒక రిజిస్టరును చేతికిస్తే అందులో ఏది ఆనాడే రాసినదో, ఏది నెలాఖరున ఒక్క కూర్పున కూర్చుని నింపినదో మాత్రం చెప్పగలము. ఆ కొద్దిపాటి విద్యతో ఒక బాలుర వసతిగృహంలో మేము చూసిన విషయాన్ని మీ ముందుంచుతాము. ఆ వసతిగృహం పేరు చెప్పము. అక్కడి పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు.

ఆరవ తరగతి చదువుతున్న ఒక బాలుని తల్లి మా వద్దకు వచ్చి, "ఆదివారం నేను ఇచ్చిన తినుబండారాలు వాడు తినడం లేదు సాబ్. మళ్ళీ హాస్టలుకు పంపవద్దని ఏడుస్తున్నాడు. కారణం అడిగితే కడుపునొప్పి అంటాడు" అన్నది. మేమూ మా మిత్రులిద్దరూ వార్డెన్ గారి అనుమతితో వెళ్ళాము. ఆయన చెడ్డవారు కారు. భోజనం శుభ్రంగా ఉంది, చదువు గంటలు సక్రమంగా జరుగుతున్నాయి. విషయం చెప్పగానే ఆయన నవ్వి, "హాస్టల్ అన్నాక పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు పనులు చెప్పడం మామూలే. మేమూ అలా పెరిగిన వాళ్ళమే" అన్నారు. మేము వాదించలేదు. గత ఆరు నెలల రిజిస్టర్లు చూడనివ్వమని కోరాము.

మొదట అస్వస్థుల రిజిస్టరు తెరిచాము. జూన్ నుండి నవంబరు వరకు "జారిపడ్డాడు", "బాత్‌రూములో పడ్డాడు" అన్న నమోదులు పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడు మూడవ హాలువి. ఆ ఏడింటిలో అయిదు సోమవారం ఉదయం రాసినవి. హాళ్ళు నాలుగు, బాత్‌రూములు అందరికీ ఒకటే. మూడవ హాలు పిల్లలే, అదీ సోమవారమే ఎందుకు జారిపడాలి? ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. బిస్కెట్లు, మురుకులు, చేతిలో యాభయ్యో వందో పెట్టి వెళ్తారు. ఆ రాత్రి వాటి వసూలు జరుగుతుంది. ఇవ్వని వాడు మర్నాడు ఉదయం జారిపడిన వాడవుతాడు.

తరువాత సామాను రిజిస్టరు చూశాము. ఒకే బాలునికి రెండు నెలల్లో మూడుసార్లు దుప్పటి మార్చి ఇచ్చారు. పదకొండేళ్ళ పిల్లవాడు పక్క తడుపుతున్నాడని కామాటికి తెలుసు, వార్డెన్ గారికి తెలియదు. ఇంట్లో లేని అలవాటు హాస్టలులో మొదలైందంటే, రాత్రి లేచి బాత్‌రూముకు వెళ్ళడానికి వాడు భయపడుతున్నాడేమోనని అడగవలసి ఉంటుంది. వెళ్ళే దారిలో పెద్ద పిల్లల పడకలు ఉంటాయి. (ఇది జబ్బు వల్ల కూడా రావచ్చు, వైద్యునికి చూపించడం మానరాదు.)

ఇక కాపలాదారు పుస్తకం. ప్రతి రాత్రీ 12, 2, 4 గంటలకు "అంతా సవ్యంగా ఉన్నది" అని ఉంది. నెల మొత్తం ఒకే కలం, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. సిబ్బంది హాజరు పట్టీతో పోల్చి చూశాము. కూతురి పెండ్లికని ఆయన మూడు రోజులు సెలవులో ఉన్న రాత్రులలో కూడా అంతా సవ్యంగానే ఉంది! పుస్తకాన్ని మేము వార్డెన్ గారి ముందుంచాము. అప్పటివరకు నవ్వుతున్న ఆయన ఆ పుటను చాలాసేపు చూశారు.

పిల్లలతో మాట్లాడటంలో తొందరపడలేదు. ఫిర్యాదు చేసిన తల్లి కొడుకును మాత్రమే పిలిస్తే, ఆ రాత్రే వాడు చాడీలు చెప్పినవాడవుతాడు. అందుకని మూడవ హాలులోని ఇరవై నలుగురినీ, పెద్దవారితో సహా, ఒక్కొక్కరిని పిలిచాము. "నిన్ను ఎవరైనా కొట్టారా?" అని ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్నకు లేదనే జవాబు వస్తుంది. "దీపాలు ఆర్పిన తరువాత నిద్రపోయేదాకా ఏమేమి జరుగుతుందో వరుసగా చెప్పు" అన్నాము. మొదటి అయిదుగురు ఏమీ చెప్పలేదు. ఆరవ బాలుడు చెప్పాడు: "భాయ్ పిలిస్తే లేచి వెళ్ళాలి. కాళ్ళు పట్టాలి. బట్టలు ఉతకాలి. నిద్ర వస్తోందంటే గోడకుర్చీ వేయిస్తారు." ఎదురు చెప్పినవాడి మీద దుప్పటి కప్పి కొడతారట. ఎవరు కొట్టారో వాడు చెప్పలేకుండా ఉండటానికే ఆ దుప్పటి.

ఇదంతా ఎలా సాధ్యమైంది? వార్డెన్ గారు తొమ్మిదిన్నరకు ఇంటికి వెళ్ళేవారు. తొంభై ఆరుగురు పిల్లలను నిద్రపుచ్చే బాధ్యతను పదవ తరగతి "లీడర్ల"కు అప్పగించారు. దీపాలు ఆర్పడం, అల్లరి చేసినవారి పేర్లు రాయడం, శిక్షించడం వారి పని. ఆ అధికారాన్ని ఇచ్చింది మనమే. ఆ లీడర్లలో ఇద్దరు తాము ఆరవ తరగతిలో ఉండగా ఇదే హాలులో ఇవే దెబ్బలు తిన్నామని చెప్పారు. అందువల్ల వారిని పోలీసు స్టేషనులో కూర్చోబెట్టమని మేము అనలేదు. అలాగని వదిలేయమనీ అనలేదు. అధికారం తీసివేయించాము. తల్లిదండ్రులను పిలిపించి, ఎవరెవరు ఏమి చేసినదీ వేరువేరుగా రాయించాము. వారిని చేతులు కట్టించి అందరి ముందు కొట్టించాలని ఒక తండ్రి పట్టుబట్టారు. అది కూడా నేరమేనని ఆయనకు చెప్పవలసి వచ్చింది.

మార్చినవి కొన్నే. ఆరు, ఏడు తరగతుల పిల్లలను సిబ్బంది గది పక్క హాలుకు తెచ్చారు. పెద్దవారిని, చిన్నవారిని ఒకే హాలులో పడుకోబెట్టడం మానారు. వరండాలో, బాత్‌రూముల వద్ద రాత్రంతా దీపం వెలుగుతుంది. సిబ్బందిలో ఒక పెద్దవారు వంతుల ప్రకారం అక్కడే నిద్రిస్తారు.

నేడు వార్డెన్లకు మేము ముఖ్యంగా చెప్పదలచినది రాత్రి పుస్తకం గురించి. తొమ్మిది గంటల హాజరుకు, ఉదయం ఫజర్ వేళ హాజరుకు మధ్య ఏడెనిమిది గంటలు ఏ లెక్కా లేకుండా పోతున్నాయి. ఆ మధ్యలో కనీసం రెండుసార్లు హాలులోకి వెళ్ళి పడకలు లెక్కపెట్టాలి. వేళ నిర్ణయించి వెళ్ళరాదు. పన్నెండు గంటలకు వస్తారని తెలిస్తే పన్నెండుంబావుకు మొదలుపెడతారు. ఒక రాత్రి పదకొండుకు, మరొక రాత్రి ఒంటిగంటన్నరకు, ఒకసారి వెళ్ళివచ్చిన పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలి. బాత్‌రూముల వెనుక భాగాన్ని, మేడ మెట్లను, ట్రంకుపెట్టెల గదిని చూడాలి. రంజాన్ నెలలో సహరీకి లేపే సమయం ప్రత్యేకంగా గమనించదగినది. నిద్రమత్తులో ఉన్న చిన్నవారిని పెద్దవారు లేపే పద్ధతి ఎలా ఉందో అప్పుడే కనబడుతుంది.

చూసినదాన్ని ఎలా రాయాలి? "అంతా సవ్యంగా ఉన్నది" అన్నది అభిప్రాయం, నమోదు కాదు. నమోదు ఇలా ఉంటుంది: "రాత్రి 11.40. మూడవ హాలు. పడకలు 24, ఉన్నవారు 22. 14వ పడక బాలుడు బాత్‌రూము వద్ద బట్టలు ఉతుకుతున్నాడు. అవి తనవి కావన్నాడు. 3వ పడక ఖాళీ, 11.50కి మేడ మెట్ల మీద కనబడ్డాడు. ఇద్దరినీ పడకలకు పంపాను. రేపు ఉదయం విడివిడిగా మాట్లాడాలి." ఇందులో ఎవరి మీదా తీర్పు లేదు. ఇటువంటి నమోదులు పది రాత్రులవి పక్కపక్కన పెడితే, ఒకే పడక సంఖ్య మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. దుప్పటి కప్పి కొట్టినప్పుడు ఎవరెవరు పడకల మీద లేరో చెప్పగలిగేది ఈ లెక్క ఒక్కటే.

పిల్లవాడు ఏదైనా చెబితే అతని మాటల్లోనే రాయాలి. "కాళ్ళు పట్టించారు" అన్నదాన్ని "సేవ చేయించుకున్నారు" అని మార్చరాదు. గాయం ఉంటే ఎక్కడ, ఎంత, ఏ రంగు అన్నది రాయాలి. పుస్తకానికి పుటల సంఖ్యలు వేయాలి, పంక్తులు ఖాళీ వదలరాదు, తప్పు పడితే ఒక గీత కొట్టి పొడి సంతకం పెట్టాలి. వారానికొకసారి వార్డెన్ కాని మరొకరు ఈ పుస్తకాన్ని అస్వస్థుల రిజిస్టరుతో, అవుట్‌పాస్ పుస్తకంతో కలిపి చదవాలి. వేరువేరుగా చదివితే ఏ పుస్తకమూ ఏమీ చెప్పదు.

ఒక విషయంలో మాత్రం వార్డెన్ విచారణ చేయరాదు. పిల్లవాని మాటల్లో శరీరాన్ని తాకడం, బట్టలు విప్పించడం వంటి లైంగిక వేధింపు జాడ కనబడితే వివరాలు గుచ్చి గుచ్చి అడగరాదు, ఇరుపక్షాలను కూర్చోబెట్టి రాజీ చేయరాదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం వెంటనే పోలీసులకు తెలియజేయాలి. చేసినవాడూ బాలుడే అయినా ఈ బాధ్యత పోదు. అతని సంగతి బాలల న్యాయ మండలి చూస్తుంది. తెలియజేయకపోవడం 21వ సెక్షను కింద శిక్షార్హం. ఆ పుట పదిమంది చేతుల్లో పడకుండా తాళంలో ఉండాలి. ఇక మామూలు వేధింపుల విషయానికి వస్తే, 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యాసంస్థ లోపలా వెలుపలా కూడా ర్యాగింగును నిషేధించింది. ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థాధిపతిని నేరానికి తోడ్పడినవానిగా పరిగణిస్తుంది. సంస్థ పరువు పోతుందని ఫిర్యాదును సొరుగులో పెట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లలు స్వయంగా ఫోను చేయగల 1098 సంఖ్యను గోడ మీద రాయడంతో సరిపోదు, ఆ ఫోను వారి చేతికి అందే చోట ఉండాలి.

మేము చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. విషయం బయటపడిన తరువాత మొదటి పదిహేను రోజులే ఎక్కువ ప్రమాదకరమైనవి. మేము అది గ్రహించక, అంతా చక్కబడిందని వచ్చేశాము. తొమ్మిదవ రోజు ఆ ఆరవ బాలుని పుస్తకాలు నీళ్ళ తొట్టిలో తేలాయి. అప్పటినుండి, మాట్లాడిన ప్రతి పిల్లవానినీ మూడవ రోజు, ఏడవ రోజు, పదిహేనవ రోజు పలకరించి రాయాలని పుస్తకంలోనే ముందుగా తేదీలు వేయిస్తున్నాము. రక్షణ పేరుతో దెబ్బలు తిన్న పిల్లవాడినే వేరే హాలుకు మార్చడం కూడా తప్పే. శిక్ష తనకే పడిందని వాడు అనుకుంటాడు, మిగిలినవారూ అలాగే అనుకుంటారు.

ఆనాడు అవుట్‌పాస్ పుస్తకంలో ఒక నమోదు మాకు కనబడింది. ఏడవ తరగతి బాలుడు, సెప్టెంబరులో "కడుపునొప్పి, ఇంటికి" అని వెళ్ళాడు. తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీగా ఉంది. మూడు నెలలుగా ఎవరూ ఆ గడి వైపు చూడలేదు. మేము చిరునామా పట్టుకుని వెళ్ళాము. బాలుడు తన మామయ్య పంక్చర్ దుకాణంలో ట్యూబు ఉబ్బిస్తూ కనబడ్డాడు. అతనిది మూడవ హాలే. హాస్టలు మాట ఎత్తగానే లోపలికి వెళ్ళిపోయాడు. రెండవసారి వెళ్ళినప్పుడు కొంత మాట్లాడాడు. దగ్గరి బడిలో, ఇంటి నుండి వెళ్ళివచ్చేలా చేర్పిస్తే చదువుతానన్నాడు. వచ్చే వారం అతని బదిలీ పత్రం కోసం ఆ వార్డెన్ గారి వద్దకే వెళ్తున్నాము.