నాన్నగారి లాకర్: బ్యాంకుకు రాసే ఉత్తరం

తండ్రి కాలం చేశారు, లాకర్‌కు నామినీ లేరు, వీలునామా అందులోనే ఉందేమోనని అనుమానం. అప్పుడు కొడుకో కూతురో మేనేజరుగారికి రాసే ఉత్తరంలో నగలు ఇప్పించమని కాకుండా, ముందు సాక్షుల ఎదుట తెరిచి జాబితా రాయమని అడగడం మేలు. ఎవరికి ఏది చెందుతుందో వీలునామా దొరికాక తేలుతుంది.

లాకర్ నంబరు, మరణించిన తేదీ, వారసులందరి పేర్లు రాయండి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలను వదిలేయకండి, వారూ హక్కుదారులే; ఒక్క సంతకం తగ్గినా పని ఆగవచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేయండి. తాళంచెవి పోతే ఆ మాటా రాయండి, పగలగొట్టి తెరవాలి.

సాక్షులు ఇద్దరూ వారసులు కానివారై ఉండాలి. జాబితాపై అందరూ సంతకాలు చేశాక నకలు అడిగి తీసుకోండి.