నగ బిల్లులో నాలుగు గడులు: బరువు, తరుగు, మజూరీ, పన్ను
(ఓబులదేవరచెరువు మండల సమాఖ్య వార్షిక సమావేశంలో బుక్ కీపర్ల తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మేము చేసిన ఒక పని గురించీ, అందులో మా వల్ల జరిగిన ఒక తప్పు గురించీ చెబుతాం. మన సభ్యులు హిందూపురంలోనో, కదిరిలోనో నగ కొన్నప్పుడు ఇచ్చే బిల్లు చాలాసార్లు పల్చటి కాగితం మీద ఉంటుంది. బీరువాలో పెట్టినా రెండు మూడేళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. అందుకని అడిగిన సభ్యుల బిల్లులకు ఫోన్‌లో ఫోటో తీసి, అందులోని అంకెలు ఒక పట్టికలో ఎక్కించడం మొదలుపెట్టినాం. ఫోటోలోని అక్షరాలను ఫోనే చదివి ఇస్తుంది. వాటిని గడుల్లో పెట్టేది మేమే.

మొదట్లో మా పట్టికలో రెండే గడులు: బరువు, మొత్తం డబ్బు. ఒక అక్క తన రాళ్ల నెక్లెస్ బిల్లు తెచ్చింది. బరువు గడిలో 17.920 గ్రాములని ఎక్కించినాం. కొన్ని నెలలకు బిడ్డ ఫీజు కోసం ఆ నెక్లెస్ బ్యాంకులో కుదువ పెట్టబోయింది. అక్కడ తూకంలో 16.400 వచ్చింది. రాళ్లకు 0.400 తీసి 16 గ్రాములకే లెక్క కట్టినారు. అక్క గుండె జారిపోయింది. దాదాపు రెండు గ్రాములు ఏమైపోయినట్లు? మధ్యలో ఒకసారి పెళ్లికని కోడలు ఆ నగ వేసుకుని పోయింది. ఇంట్లో మాట ఆమె మీదికి పోయింది.

బిల్లు మళ్లీ తీసి చూస్తే తప్పు మాదేనని తేలింది. అందులో నాలుగు బరువులు వరసగా ఉన్నాయి. నగ మొత్తం బరువు 16.400, రాళ్లు 0.400, నికర బరువు 16.000, తరుగు 1.920. వాటి కింద నికర బరువూ తరుగూ కలిపి 17.920. చివర్న పెద్దగా కనిపించిన అంకెను మేము బరువని రాసేసినాం. ఆ అక్కింటికి పోయి, అందరి ముందరా బిల్లు చదివి చెప్పి వచ్చినాం.

తరుగు అంటే నగ చేసేటప్పుడు కరిగించి, కోసి, ఆకురాయి పట్టినప్పుడు పోయే బంగారం పేరుతో అంగడి వాళ్లు వేసే లెక్క. దానికి మనం డబ్బు కడతాం గానీ ఆ బంగారం నగలో ఉండదు. మజూరీ చేతిపనికి ఇచ్చే కూలి. పన్ను సర్కారుకు పోయేది. మన మెడలో మిగిలేది నికర బరువు ఒక్కటే. కుదువ పెట్టినా, మార్చుకున్నా చూసేది దాన్నే. అందుకే ఇప్పుడు మా పట్టికలో వీటన్నిటికీ వేరువేరు గడులు పెట్టినాం.

ఆ బిల్లునే ఎట్లా ఎక్కించాలో చూడండి. లెక్క సులభంగా ఉండేదానికి గ్రాము ధర 9,000 రూపాయలు అనుకుందాం.

నికర బరువు 16 గ్రాములకు 1,44,000. తరుగు నూటికి 12, అంటే 1.920 గ్రాములు, దాని విలువ 17,280. మజూరీ గ్రాముకు 300 చొప్పున 4,800. రాళ్లకు 600. ఇవన్నీ కలిపితే 1,66,680. దీని మీద నూటికి 3 జీఎస్టీ, 5,000 రూపాయల 40 పైసలు. బిల్లులో ఇది కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం అని 2,500.20 చొప్పున రెండు వరసల్లో ఉంటుంది. రెండు గడుల్లోనూ రాయాలి. ఒక్కటే రాస్తే పన్ను సగమే అయిపోతుంది. హాల్‌మార్క్ రుసుము 45, దాని మీద నూటికి 18 పన్ను, మొత్తం 53.10. దీనికి ఇంకో గడి. అన్నీ కలిపితే 1,71,733.50.

ఫోన్ ఎక్కడ తప్పు చదువుతుందో కూడా చెప్పాలి. కాగితం మడత పడినా, అంకె మీద అంగడి ముద్ర పడినా 1ని 7గా, 8ని 0గా చదువుతుంది. చుక్కను వదిలేసి 1.920ని 1920 చేస్తుంది. ఒక్కోసారి తరుగు వరసలోని అంకెను మజూరీ పేరు పక్కన పెడుతుంది. అందుకే బిల్లును బల్ల మీద పరిచి, పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనపడేట్లు ఫోటో తీస్తాం. తర్వాత లెక్క కట్టి చూస్తాం.

మొదట నగ మొత్తం బరువులో రాళ్ల బరువు తీసేస్తే నికర బరువు రావాలి. తర్వాత నికర బరువును గ్రాము ధరతో గుణిస్తే బంగారం విలువ రావాలి. చివరగా అన్నీ కూడితే బిల్లు మొత్తం రావాలి. ఒకటి రెండు రూపాయల లోపు తేడా వస్తే అది అంగడి వాళ్లు పైసలు సరిచేసింది. అంతకు మించితే ఏదో అంకె తప్పు చదివినట్లే.

అయితే మొత్తం సరిపోయినంత మాత్రాన అన్నీ సరిగా ఉన్నట్లు కాదు. తరుగు 17,280, మజూరీ 4,800 తారుమారైనా మొత్తం మారదు, పన్నూ మారదు. దాన్ని పట్టుకోవాలంటే తరుగు గ్రాములను గ్రాము ధరతో విడిగా గుణించాలి. 1.920ని 9,000తో గుణిస్తే 17,280 రావాలి. అది మజూరీ గడిలో కనిపిస్తే తారుమారైనట్లు.

కొన్ని బిల్లుల్లో తరుగు, మజూరీ అని విడిగా ఉండవు. వి.ఎ. అని ఒక్క వరసే ఉంటుంది. అది రెండూ కలిపి వేసింది. మేము దాన్ని మా ఊహతో రెండుగా విడగొట్టం. వి.ఎ. గడిలో అంతా రాసి, తరుగు, మజూరీ గడులు ఖాళీగా వదిలేస్తాం. సున్నా కూడా పెట్టం. సున్నా అంటే అంగడి వాళ్లు తీసుకోలేదని, ఖాళీ అంటే బిల్లులో చెప్పలేదని. రేపు ఇంకో అంగడితో పోల్చుకునేటప్పుడు ఈ తేడా తెలియకపోతే మోసపోయేది మనమే.

ఇంకో సంగతి. కొందరు తెచ్చేవి బిల్లులు కావు, ఎస్టిమేషన్ చీటీలు. వాటిలో జీఎస్టీ నంబరూ ఉండదు, పన్ను వరసా ఉండదు. వాటిని పట్టికలో ఎక్కించం. అంగడిలోనే అసలు బిల్లు అడిగి తీసుకోండి. నగ మీద ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ అంకెను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, నగ ఏ రకమో, ఎన్ని క్యారెట్లో సరిచూసుకోండి. బరువు మాత్రం మీ కళ్ల ముందరే తూకం వేయించుకోవాలి.

బిల్లులో మీ పేరు, ఫోన్ నంబరు, ఒక్కోసారి పాన్ నంబరు కూడా ఉంటాయి. ఆ ఫోటోను వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. బుక్ కీపర్ దగ్గరికి మీరే తెచ్చి, ఎక్కించేటప్పుడు పక్కన కూర్చోండి. నికర బరువు ఎంత రాసినామో మీ నోటితో చదివి చెప్పిన తర్వాతే ఆ వరస ముగిస్తాం. ఆ నెక్లెస్ బిల్లు తర్వాత పెట్టుకున్న నియమం ఇది.

సెలవు.