దిగే మెట్లు రోబోకి ఎలా తెలుస్తాయి?



2026 జనవరిలో మన విశాఖ రైల్వే స్టేషన్‌లో రైల్వే రక్షక దళం అర్జున్ అనే రోబోను విధుల్లోకి దింపింది. చక్రాల మీద తిరిగే ఏ యంత్రానికైనా ప్లాట్‌ఫాం అంచే అసలు గండం. ఇళ్లలో, ఆసుపత్రి వార్డుల్లో తిరిగే చౌక రోబోలకు దిగే మెట్లు అలాంటివే. ఈ సాయంత్రం వాటి గురించే మాట్లాడతాను.

ఎదురుగా కుర్చీ ఉంటే గుర్తించడం తేలిక. ఎక్కే మెట్లూ తేలికే, మొదటి మెట్టు చిన్న గోడలా నిలబడి ఉంటుంది కదా. దిగేచోట మాత్రం అడ్డంగా ఏమీ ఉండదు. అడ్డంకుల కోసం మాత్రమే వెతికే రోబో దాన్ని మంచి దారి అనుకుంటుంది.

దీనికి ఒక పరిష్కారం డెప్త్ కెమెరా. అది చిత్రంలోని ప్రతి బిందువుకూ దూరం చెబుతుంది. 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్‌ను ఆట వస్తువుగా 150 డాలర్లకు అమ్మడంతో ఈ కెమెరా కాలేజీ ల్యాబులకూ అందుబాటులోకి వచ్చింది. అది కంటికి కనిపించని పరారుణ చుక్కలను ఎదుట చల్లి, అవి ఎంత పక్కకు జరిగాయో చూసి దూరం లెక్కగడుతుంది.

కెమెరాను నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తున బిగించి, 30 డిగ్రీలు కిందికి వంచామనుకోండి. సమతలమైన నేల మీద చిత్రం నడిమధ్య బిందువు 80 సెంటీమీటర్లు చూపాలి. చూపు 15 సెంటీమీటర్ల మెట్టు అంచు దాటగానే అది 110కి ఎగబాకుతుంది. ర్యాంపు మీద ఈ పెరుగుదల మెల్లగా ఉంటుంది, మెట్టు దగ్గర ఒక్కసారిగా వస్తుంది. అప్పటికి అంచు ఇంకా 69 సెంటీమీటర్ల ముందుంది. నెమ్మదిగా నడిచే బండి ఆగడానికి అది చాలు.

చిక్కల్లా సున్నాతోనే. కిటికీలోంచి ఎండ నేరుగా పడినా, నల్ల గ్రానైట్ మరీ నున్నగా మెరిసినా చుక్కలు కెమెరాకు తిరిగి అందవు. అప్పుడు చాలా కెమెరాలు దూరం బదులు సున్నా ఇస్తాయి. ప్రోగ్రాం రాసేవాళ్లు దాన్ని ‘అడ్డం లేదు’ అని తీసుకుంటే బండి మెట్ల మీంచి పడుతుంది. నా దృష్టిలో సరైన నియమం ఒక్కటే: నేల కనబడితేనే కదలాలి, సున్నా వస్తే ఆగాలి. దీనివల్ల మెరిసే నేల మీద బండి అనవసరంగా ఆగుతూ ఉంటుంది. ఆ ఇబ్బంది పడటమే మేలు.

కెమెరా బిగింపు కూడా చూసుకోవాలి. అది ఒక్క డిగ్రీ వాలినా, రెండు మీటర్ల దూరంలో నేల మూడున్నర సెంటీమీటర్లు పైకో కిందికో జరిగినట్టు లెక్క వస్తుంది. చిన్న గడప అందులోనే కలిసిపోతుంది. అందుకే దూరపు లెక్కల మీద భారం వేయకుండా, బండి ముందు అంచున కిందికి చూసే చవక పరారుణ సెన్సర్లు కూడా పెట్టాలి.

రోబోలు చేస్తున్న విద్యార్థులకు నాదొక మనవి. ల్యాబు బల్ల మీద పరీక్షతో సరిపెట్టకండి. బండికి తాడు కట్టి, నిజమైన మెట్ల దగ్గర, ఎండ పడే వేళలో ఒకసారి, రాత్రి దీపాల వెలుగులో ఒకసారి నడిపి చూడండి.