బిల్లు ఒప్పుకునే రోజు



హైదరాబాదు బాలానగర్‌లో రెండు సీఎన్‌సీ మెషిన్లు, పదిమంది పనివాళ్లు ఉన్న ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఒక పెద్ద కంపెనీకి వాల్వు భాగాలు చేసి పంపుతుంది. జూన్ 5న సరుకు వెళ్లింది. 10 లక్షల సరుకు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం బిల్లు 11 లక్షల 80 వేలు. సరుకు కంపెనీ గేటు దాటింది కానీ బిల్లు ఇంకా ప్రయాణం మొదలుపెట్టలేదు. ముందు గేటు ఎంట్రీ. తరువాత స్టోర్స్‌లో లెక్క. ఆపైన క్వాలిటీ వాళ్లు కొలతలు చూడాలి, వాళ్ల దగ్గర ముందే వచ్చిన పెట్టెలు వరుసలో ఉంటాయి. వాళ్లు సరే అంటే స్టోర్స్ వాళ్లు సరుకు అందినట్టు జీఆర్ఎన్ వేస్తారు. అది అకౌంట్స్‌కు చేరి బిల్లు పాస్ కావాలి. మన యజమాని ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇంకా జీఆర్ఎన్ కాలేదండీ" అనే జవాబు వస్తుంది. చివరికి జూన్ 25న అయింది. ఆ రోజు నుంచి 90 రోజులకు డబ్బు ఇస్తామని పర్చేజ్ ఆర్డర్‌లో ఉంది. అంటే సెప్టెంబరు 23.

ఈలోగా ఉక్కు సరఫరాదారు ఆగడు, జీతాలు ఆగవు. జూన్ నెల జీఎస్టీ జూలై 20లోగా కట్టాలి. కొనుగోలుదారు దగ్గరనుంచి పన్ను చేతికి రాలేదని ప్రభుత్వం ఆగదు. ఉక్కు మీద ముందే కట్టిన పన్ను 90 వేలు తీసేసినా, ఇంకో 90 వేలు ఇతనే జేబులోంచి కట్టాలి.

వచ్చే డబ్బు ఎలాగూ వస్తుంది కాబట్టి, మధ్య రోజుల వడ్డీ తగ్గించుకుని మిగతాది ఇప్పుడే ఇచ్చేయమని మూడోవాళ్లను అడగడమే బిల్లు డిస్కౌంటింగ్. ఇది మన నేలకు కొత్త కాదు. దీని చరిత్రను కొంచెం వెనక్కి వెళ్లి చూస్తే, ఇప్పటి చిక్కు ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తుంది.

మన వర్తకులు శతాబ్దాల పాటు హుండీలతో వ్యాపారం చేశారు. చూపించగానే డబ్బిచ్చేది దర్శనీ హుండీ, గడువు తీరాక ఇచ్చేది ముద్దతు హుండీ. వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఏ ఊరినుంచి సూరత్ మీద హుండీ రాస్తే ఎంత వట్టం పడుతుందో 17వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. ముద్దతు హుండీ చేతిలో ఉన్నవాడు గడువుదాకా ఆగనక్కర్లేదు, షరాబుకు అమ్మి వడ్డీ పోను మిగతాది తెచ్చుకోవచ్చు. షరాబు ఎందుకు కొంటాడు? డబ్బు ఇవ్వాల్సిన వర్తకుడు ఆ కాగితాన్ని ఒప్పుకున్నాడు కాబట్టి. ఒప్పుకుని గడువునాడు ఇవ్వకపోతే బజారులో అతని మాట చెల్లదు. సరుకు అమ్మినవాడు చిన్నవాడైనా పర్వాలేదు, సరుకు కొన్నవాడు పరువున్నవాడైతే చాలు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, తరువాతి కథంతా దీనిమీదే నడుస్తుంది.

1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చింది. దేశభాషల్లో రాసే హుండీలకు స్థానిక ఆచారాన్నే ఉండనిచ్చి, బిల్లులకు ఒక చట్టరూపం ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో రిజర్వ్ బ్యాంకు బిల్లుల మార్కెట్ పథకం పెట్టింది. పేరు అదే అయినా లోపల నిజమైన వ్యాపార బిల్లులు లేవు. బ్యాంకులు తమ పాత అప్పులనే ప్రామిసరీ నోట్లుగా మార్చి, వాటిమీద రిజర్వ్ బ్యాంకు దగ్గర డబ్బు తెచ్చుకునేవి. 1970లో, మన తెలుగువాడు ఎం. నరసింహం నాయకత్వం వహించిన అధ్యయన బృందం సూచనలతో కొత్త పథకం వచ్చింది. నిజంగా సరుకు అమ్మితే పుట్టిన బిల్లులే ఉండాలని అది పట్టుబట్టింది.

ఆలోచన సరైనదే. కానీ పెద్ద కొనుగోలుదారులు బిల్లును ఒప్పుకుని సంతకం పెట్టడానికి ముందుకు రాలేదు. సంతకం పెడితే ఫలానా తేదీన ఇచ్చి తీరాలి, తప్పితే బిల్లు చెల్లలేదని రికార్డుకెక్కుతుంది. సంతకం లేకుండా ఖాతాలో బాకీగా ఉంచుకుంటే తమకు వీలైనప్పుడు ఇవ్వొచ్చు. అందుకే మన పరిశ్రమ బిల్లుల దారి వదిలి, బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద స్థిరపడింది. చిన్న సరఫరాదారు ఏ వడ్డీ లేకుండా పెద్ద కంపెనీకి అప్పిచ్చేవాడయ్యాడు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. పదిమంది పనివాళ్ల యూనిట్ దగ్గర వందల కోట్ల కంపెనీ నెలల తరబడి ఉచితంగా అప్పు తీసుకోవడం ఏ లెక్కలో న్యాయం?

1988లో కల్యాణసుందరం కమిటీ ఫ్యాక్టరింగ్ కంపెనీలు పెట్టమంది, 1991 నుంచి అవి వచ్చాయి. అయితే ఎక్కువగా కొనుగోలుదారు ఇవ్వకపోతే సరఫరాదారే తిరిగి కట్టాలన్న షరతుతోనే నడిచాయి. అంటే భారం మళ్లీ చిన్నవాడి మీదే. చట్టం వైపునుంచి 1993లో ఆలస్యపు చెల్లింపుల మీద వడ్డీ చట్టం వచ్చింది, దాని స్థానంలో 2006లో ఎంఎస్ఎంఈడీ చట్టం వచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదని, మించితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని అది చెబుతుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతలో అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క అని కూడా చెబుతుంది. ఆ ప్రకారం మన బాలానగర్ యూనిట్ ఆర్డర్‌లో రాసిన 90 రోజుల గడువు చట్టం ముందు నిలవదు. కానీ ఫిర్యాదు చేసినవాడికి తరువాతి ఆర్డర్ వస్తుందా? ఆ భయంతోనే చాలామంది ఆ హక్కును వాడుకోరు.

2014 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు, చిన్న సరఫరాదారుల బిల్లులను ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ చేసే ట్రెడ్స్ అనే వేదికలకు మార్గదర్శకాలు ఇచ్చింది. మెక్సికోలో నాఫిన్ అనే ప్రభుత్వ బ్యాంకు అంతకుముందే ఇలాంటి ఏర్పాటు నడుపుతోంది. మన దగ్గర మొదట అనుమతి పొందిన మూడు సంస్థలు ఆర్ఎక్స్ఐఎల్, ఇన్‌వాయిస్‌మార్ట్, ఎం1ఎక్స్చేంజ్ 2017 నుంచి పని మొదలుపెట్టాయి. పద్ధతి ఇలా ఉంటుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సరఫరాదారు బిల్లును వేదికమీద పెడతాడు, లేదా కొనుగోలుదారే పెడతాడు. రెండోవాళ్లు దాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోగానే బ్యాంకులు, ఫ్యాక్టరింగ్ కంపెనీలు వడ్డీరేటు చెబుతూ పోటీపడతాయి. రేటు సరఫరాదారు స్థితిని బట్టి కాక, కొనుగోలుదారు పరపతిని బట్టి వస్తుంది. గడువునాడు డబ్బు కొనుగోలుదారు ఖాతానుంచి వెళుతుంది. అతను ఇవ్వకపోయినా బ్యాంకు సరఫరాదారు మీదికి రాకూడదు. షరాబు నాడు చూసిన పరువునే నేడు బ్యాంకు కంప్యూటర్ తెరమీద చూస్తోంది.

మన బిల్లు లెక్క చూద్దాం. కంపెనీ జూలై 12న ఒప్పుకుందనుకోండి. సెప్టెంబరు 23కు ఇంకా 73 రోజులు, అంటే సరిగ్గా ఏడాదిలో అయిదో వంతు. ఏడాదికి 9 శాతం చెప్పిన బ్యాంకును ఎంచుకుంటే, 11 లక్షల 80 వేల మీద కోత 21 వేల 240 రూపాయలు. వేదిక రుసుం కొద్దిగా అదనం. దాన్ని పక్కన పెడితే చేతికి 11 లక్షల 58 వేల 760 ఒకటి రెండు పనిదినాల్లో వస్తుంది, జూలై 20 జీఎస్టీకి అందుతుంది. ఇదే సొమ్ము బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అవే రోజులకు 56 వేల 640 అయ్యేది. ఈ కోతను కొనుగోలుదారే భరించేలా కూడా మాట్లాడుకోవచ్చు, ట్రెడ్స్‌లో ఆ వీలుంది. బేరం ఆర్డర్ తీసుకునేటప్పుడే చేయాలి, తరువాత అడిగితే వినేవాళ్లుండరు.

ఇప్పుడు అదే బిల్లును కంపెనీ ఆగస్టు 31న ఒప్పుకుందనుకోండి. మిగిలింది 23 రోజులే. కోత చిన్నదే, కానీ ప్రయోజనం ఏముంది? జీఎస్టీ, జీతాలు, ఉక్కు బాకీ అప్పటికే బయటి అప్పుతో తీరిపోయాయి. ఒప్పుకోవడం ఆలస్యమైన ప్రతిరోజూ ఈ సదుపాయం విలువ కరిగిపోతుంది. 2018 నవంబరులో ప్రభుత్వం 500 కోట్లకు మించిన టర్నోవర్ ఉన్న కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలన్నీ ట్రెడ్స్‌లో నమోదు కావాలంది. 2024 నవంబరులో ఆ హద్దును 250 కోట్లకు దించింది. ఆ ఉత్తర్వులు అడిగింది నమోదు. నమోదైన కంపెనీ వచ్చిన ప్రతి బిల్లునూ అక్కడ ఒప్పుకోవాలని అవి అనలేదు. 1970లో ఆగిన చోటే ఇప్పుడూ బండి ఆగుతోంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన యజమానికి బ్యాంకులో క్యాష్ క్రెడిట్ కూడా ఉంటుంది. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో రావలసిన బాకీలు చూపిస్తేనే డ్రాయింగ్ పవర్ వస్తుంది. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. అందుకే కొనుగోలుదారు ఆలస్యం చేసేకొద్దీ ఇతని బ్యాంకు లిమిట్ కూడా కుంచించుకుపోతుంది. మరోపక్క, ట్రెడ్స్‌లో అమ్మేసిన బిల్లును మళ్లీ ఆ స్టేట్‌మెంట్‌లో చూపకూడదు. చూపితే ఒకే బిల్లుమీద రెండు అప్పులు తీసుకున్నట్టవుతుంది, ఖాతా చిక్కుల్లో పడుతుంది. తన బ్యాంకుకు ముందే చెప్పి ఆ బిల్లును పక్కకు తీయించుకోవాలి.

ఒప్పుకోలు లేని బిల్లు ఎంత ప్రమాదమో 2025లో మన హైదరాబాదే చూసింది. ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ పేరుతో జనం దగ్గర పెట్టుబడులు సేకరించిన ఒక యాప్ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. పేరున్న కంపెనీల పేర్లతో చూపిన బిల్లులు నకిలీవని పోలీసులు చెప్పారు. అది రిజర్వ్ బ్యాంకు అనుమతించిన ట్రెడ్స్ కాదు. ఎవరైనా మిమ్మల్ని బిల్లుల మీద పెట్టుబడి పెట్టమంటే, ఆ బిల్లు కట్టాల్సిన కంపెనీ దాన్ని ఒప్పుకున్నట్టు ఎక్కడ ఉందో చూపించమనండి.

ఈ ఏర్పాటు ఇంకా చేరని చోటు ఒకటుంది. మన యూనిట్ తన భాగాలకు పక్క వీధిలోని షాపులో ప్లేటింగ్ చేయిస్తుంది. ఆ ప్లేటింగ్ షాపుకు కొనుగోలుదారు పెద్ద కంపెనీ కాదు, ఈ చిన్న యూనిట్టే. దీని పరపతి చూసి 9 శాతానికి పోటీపడే బ్యాంకు దొరకడం కష్టం. అందువల్ల ఆ షాపు యజమాని బిల్లు ఇప్పటికీ ఖాతా పుస్తకంలోనే ఉంటుంది. అతనికి డబ్బు అందాలంటే జూలై 12న పై కంపెనీ ఒప్పుకుని, వచ్చిన 11 లక్షల 58 వేలలోంచి మన యూనిట్ అతని బాకీ తీర్చాలి. ప్రస్తుతానికి అతనికున్న దారి అదొక్కటే.