కోసిన ముప్పై రూపాయలకు లెక్క అడిగే ఉత్తరం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మొబైల్ ఫోన్లలో అడగని సేవ పేరుతో బ్యాలెన్సు కోసినప్పుడు ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పమన్నారు. దేవరకొండలో ఉండే మన సభ్యులొకరి సంగతి తీసుకుని చెబుతాను.

ఆయన ప్రీపెయిడ్ ఫోనులో 82 రూపాయలున్నాయి. 5వ తేదీ రాత్రి ఏదో క్రికెట్ సమాచార సేవ మొదలైందని, 30 రూపాయలు తీసుకున్నామని మెసేజ్ వచ్చింది. వారం తిరిగేసరికి, 12న, మరో 30 పోయాయి. మిగిలింది 22. ఆయన ఆ రెండు మెసేజ్‌లనూ చెరపకుండా ఉంచారు. అవే సాక్ష్యం.

ముందుగా 155223కు ఫోన్ చేసి ఆ సేవను ఆపించాం. లేకపోతే 19న మళ్ళీ కోస్తారు. తరువాత 198కి చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకున్నాం. ఆ నంబరు లేకుండా పై మెట్టుకు వెళ్ళడం కష్టం.

"నా డబ్బు నాకివ్వండి" అని మాత్రమే రాస్తే "మీరే సేవను ప్రారంభించుకున్నారు" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. కాబట్టి అంగీకారానికి రుజువు అడగాలి. 2013 జూలైలో ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి సేవకు వినియోగదారుడు రెండుసార్లు స్పష్టంగా ఒప్పుకోవాలి. మేము రాసిన ఉత్తరం ఇది:

"నా ప్రీపెయిడ్ నంబరు ఇది. 5వ తేదీ రాత్రి 9.40కి, 12వ తేదీ ఉదయం 7.15కి ఫలానా సేవ పేరుతో 30 చొప్పున మొత్తం 60 రూపాయలు తగ్గించారు. నేను ఈ సేవ కోరలేదు. 13న 155223 ద్వారా ఆపించాను. అదే రోజు 198కి చేసిన ఫిర్యాదు నంబరు ఇది. నేను రెండుసార్లు అంగీకరించినట్లు మీ వద్ద ఉన్న రికార్డును తేదీ, సమయం, విధానంతో సహా పంపండి. లేనిచో 60 రూపాయలు తిరిగి జమ చేయండి. మెసేజ్‌ల నకళ్ళు జతపరిచాను."

ఇందులో ఆధార్ నకలు గాని, ఓటీపీ గాని అవసరం లేదు. ఎవరడిగినా ఇవ్వకండి.

మెసేజ్‌లు లేనివారు ప్రీపెయిడ్ వాడకం వివరాల పట్టిక అడగవచ్చు. దీనికి 50 రూపాయలకు మించి తీసుకోరాదు. గడచిన ఆరు నెలల వరకే దొరుకుతుంది కనుక జాప్యం చేయరాదు. అయితే ప్యాకు గడువు ముగిశాక ఇంటర్నెట్ వాడి ఉంటే అది వేరే సంగతి. రాసే ముందు ఆ తేదీ సరిచూసుకోవాలి.

జవాబు రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా రాయాలి. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు. ఆ తరువాత మన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం ఫిర్యాదులను కమిషన్లు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

మా ఉత్తరం వెళ్ళిన పదకొండో రోజున 60 రూపాయలూ జమ అయ్యాయి. రికార్డు మాత్రం పంపలేదు.

సెలవు.