జవాబులో మాట మారవచ్చు, నిబంధన మారరాదు
(బ్యాంకు సహాయకేంద్రాల ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు సహాయకేంద్రంలో పనిచేసే మన సభ్యురాలు ఒకామెకు ప్రోత్సాహక భత్యంలో కోత పడింది. యాజమాన్యం ఇచ్చిన జవాబు పాఠాన్ని ఆమె తన మాటల్లో మార్చి పంపడమే నేరమట. ఆ కేసును చేపట్టినప్పుడు మేము రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదివాము.

ఒక ఖాతాదారు 3వ తేదీన ఏటీఎంలో 5,000 రూపాయలు తీయబోయాడు. నోట్లు రాలేదు, ఖాతాలో సొమ్ము మాత్రం తగ్గింది. 5వ తేదీన ఫిర్యాదు వ్రాశాడు. పాఠం ప్రకారం వెళ్ళవలసిన జవాబు ఇది: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఫిర్యాదును సంబంధిత విభాగానికి పంపడమైనది. దయచేసి వేచి ఉండగలరు."

ఇందులో అబద్ధం లేదు. కాని సొమ్ము వస్తుందా, ఎప్పుడు వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబూ లేదు. మరునాడు అతడు మళ్ళీ ఫోను చేస్తాడు. ఆ కోపాన్ని భరించేది మన ఉద్యోగే.

నిజానికి ఆ జవాబు నిబంధనలోనే ఉన్నది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇట్టి సొమ్మును లావాదేవీ జరిగిన 5 రోజులలోగా తిరిగి జమచేయాలి. ఆపై ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయల పరిహారం, ఖాతాదారు అడగకుండానే ఇవ్వాలి. మన సభ్యురాలు ఇలా వ్రాసింది:

"అయ్యా, 3వ తేదీన నోట్లు రాకుండానే మీ ఖాతాలో 5,000 రూపాయలు తగ్గినట్లు తెలిపారు. యంత్రపు లెక్క సరిచూడవలసిందిగా ఈరోజే పంపాను. నోట్లు వెలువడలేదని తేలితే 8వ తేదీలోగా సొమ్ము జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం మీరు అడగకుండానే చేరాలి. 9వ తేదీకి జమ కాకుంటే ఈ ఫిర్యాదు సంఖ్యతో తెలియజేయండి. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు."

ఇందులో "నోట్లు వెలువడలేదని తేలితే" అన్న మాట కీలకం. యంత్రం నమోదు చేసిన లెక్కను, దానిలో మిగిలిన నగదుతో పోల్చి చూస్తారు. 5,000 అదనంగా కనబడితే ఫిర్యాదు రుజువైనట్లే. జాలితో ఆ మాట తీసివేసి "తప్పక వస్తుంది" అంటే, మనకు లేని అధికారంతో హామీ ఇచ్చినవారమవుతాము. ఇక పాత జవాబుకే "మీ బాధ మాకు అర్థమైంది" అని చేర్చడం రెండవ పొరపాటు. దానివల్ల ఖాతాదారుకు కొత్తగా తెలిసేదేమీ లేదు. జవాబు చదివినవాడు ఎంత సొమ్ము, ఏ తేదీ, తరువాత తాను ఏమి చేయాలి అన్న మూడింటినీ చెప్పగలిగితేనే అది జవాబు.

కనుక మేము యాజమాన్యాన్ని కోరినది ఇది: ఫిర్యాదు సంఖ్య, పిన్ హెచ్చరిక యథాతథంగా ఉండాలి. మిగిలిన వాక్యాలకు అక్షరాలు పోల్చి కాక, నిబంధన సరిగా చెప్పారా లేదా అని చూసి మార్కులు వేయాలి. భత్యం కోత రద్దు కావాలి. ఈ చర్చ ఇంకా ముగియలేదు. అంతవరకు సభ్యులు మార్చిన జవాబుకు పర్యవేక్షకుని అనుమతి వ్రాతపూర్వకంగా పొంది, ప్రతిని దగ్గర ఉంచుకొనవలెనని కోరుతున్నాము.